చివరి ఫ్రేము మొదటి ఫ్రేములో కలిసేలా: నాలుగు సెకన్ల లూపుకు నాలుగు దారులు, ఏది ఎప్పుడు

రొయ్యల మేత అమ్మే దుకాణం వాళ్లు ఎల్‌ఈడీ తెర మీదకి నాలుగు సెకన్ల బొమ్మ అడిగారనుకుందాం. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపైనా, ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపైనా కనిపించే దృశ్యమే. ఒక రొయ్యల గుంట, మధ్యలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరియేటరు, గట్టు మీద కొబ్బరి చెట్టు, పైన ఎగిరే కొంగ. షట్టరు తీసినప్పటి నుంచి దించేదాకా అదే తిరుగుతూ ఉండాలి. నాలుగు సెకన్లంటే గంటకు 900 సార్లు. అతుకు దగ్గర చిన్న తడబాటున్నా, ఎదురుగా కూర్చునే కొట్టతను దాన్ని గంటకు 900 సార్లు చూస్తాడు.

అతుకు దాచడానికి వాడుకలో ఉన్న దారులు నాలుగు. కదలికనే చక్రంగా వేయడం, ముందుకు నడిపి వెనక్కి తిప్పడం, చివరను మొదట్లోకి కరిగించడం, అతుకును దేనిచాటునో దాచడం. వీటిలో ఏదీ అన్నిటికీ పనికిరాదు. పై దృశ్యంలోనే చక్రానికి ఒకటి, నీళ్లకు ఒకటి, కొంగకు ఒకటి కావాల్సి వస్తుంది. అందుకే మొత్తం క్లిప్పుకు ఒకే దారి వెతక్కుండా ఒక్కో కదలికకు విడిగా ఎంచుకోవడం మంచిది.

## ముందు ఒక లెక్క తేల్చుకోవాలి

"మొదటి ఫ్రేము, చివరి ఫ్రేము ఒకటే ఉండాలి" అని చాలామంది చెబుతారు. ఆ మాటను అక్షరాలా పాటిస్తే లూపు తడబడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నాలుగు సెకన్లకు 96 ఫ్రేములు. 96వ ఫ్రేము సరిగ్గా 1వ ఫ్రేములాగే ఉంటే, తిరిగి మొదలైనప్పుడు ఒకే బొమ్మ వరసగా రెండు ఫ్రేముల పాటు నిలబడుతుంది. సెకనులో 24వ వంతే అయినా, వేగంగా తిరిగే చక్రం మీద అది చిన్న ఎక్కిళ్లలా తెలిసిపోతుంది.

మొదటి ఫ్రేముతో కలవాల్సింది 97వ ఫ్రేము. అది మనం రెండర్ చేయని ఫ్రేము. 1 దగ్గర ఒక కీఫ్రేము, 97 దగ్గర అదే బొమ్మ వచ్చే విలువతో ఇంకొకటి పెట్టి, 1 నుంచి 96 వరకే బయటికి తీయాలి. అప్పుడు 96కూ 1కీ మధ్య ఉండే తేడా, 1కీ 2కూ మధ్య ఉండే తేడా అంతే అవుతుంది. బ్లెండర్‌లో లెక్క 1 నుంచి మొదలవుతుంది కాబట్టి కీలు 1, 97. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో 0 నుంచి మొదలవుతుంది కాబట్టి 0, 96. అక్కడ 96వ ఫ్రేము నాలుగు సెకన్ల కంపోజిషన్‌కు బయట పడుతుంది. కంపోజిషన్‌ను ముందు ఐదు సెకన్లకు పెంచి కీలు పెట్టుకుని, వర్క్ ఏరియాను 0 నుంచి 95కి కుదిస్తే సరిపోతుంది.

చేత్తో గీసేవాళ్లకూ ఇదే లెక్క. ఎనిమిది బొమ్మల చక్రంలో తొమ్మిదో బొమ్మగా మళ్లీ మొదటిదాన్ని గీసి కలపకూడదు. ఎనిమిదో బొమ్మకూ మొదటి బొమ్మకూ మధ్య దూరం, మిగతా బొమ్మల మధ్య దూరమంతే ఉండాలి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే ఎనిమిది బొమ్మలు 16 ఫ్రేములవుతాయి, 96లో ఆరుసార్లు నిండుగా పడతాయి.

స్థానం కలిస్తే చాలదు, వేగమూ కలవాలి. ఈ రెండోదాన్నే ఎక్కువమంది మరచిపోతారు. బ్లెండర్‌లో కీఫ్రేములు మామూలుగా మెత్తగా మొదలై మెత్తగా ఆగేలా పడతాయి. చక్రానికి అలాగే వదిలేస్తే 1, 97 రెండుచోట్లా కోణం కలుస్తుంది, కానీ నాలుగు సెకన్లకోసారి చక్రం నెమ్మదించి ఆగి మళ్లీ ఊపందుకుంటుంది. కరెంటు పోయి వచ్చినట్టు కనిపిస్తుంది. గ్రాఫ్‌లో చివర్న గీత ఏ వాలులో దిగుతుందో మొదట్లో అదే వాలులో మొదలవ్వాలి. ఆగకుండా తిరిగేవాటికి అది వంపు లేని తిన్నని గీత, అంటే లీనియర్.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

కదలిక ఏ జాతిది అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. తిరిగేవి, ఊగేవి, పారేవి, ఒకసారి జరిగి ముగిసేవి అని నాలుగుగా విడదీసుకోవచ్చు. చక్రం తిరుగుతుంది, కొబ్బరి మట్ట ఊగుతుంది, నీళ్లు పారతాయి, కొంగ ఇటు నుంచి అటు పోతుంది.

ఆ కదలికను వెనక్కి తిప్పితే తప్పుగా కనిపిస్తుందా అన్నది రెండోది. మట్ట ఊగడం ఎటు తిప్పినా ఒకటే. పొగ తిరిగి గొట్టంలోకి పోతే మాత్రం ఎవరైనా నవ్వుతారు.

చేతిలో ఉన్నది విడివిడి పొరల బొమ్మా, ఫోనుతో తీసిన వీడియోనా అన్నది మూడోది. పొరలుంటే ఒక్కోదాని వ్యవధి మన చేతిలో ఉంటుంది. వీడియో అయితే ఉన్న ఫ్రేములతోనే సర్దుకోవాలి.

| దారి | బాగా నప్పేది | అస్సలు నప్పనిది | పని |
|---|---|---|---|
| చక్రం | తిరిగేవి, నడక, చిన్న అలల నీళ్లు | సూర్యాస్తమయం వంటి ఒకవైపు మార్పు | ఎక్కువ, ముందే ప్లాను కావాలి |
| పోయి రావడం | ఊగేవి, ఊపిరి, కెమెరా మెల్లగా జరగడం | నీళ్లు, పొగ, చక్రం, పక్షి | చాలా తక్కువ |
| కరిగించడం | నీళ్లు, ఆకులు, పొగ ఉన్న వీడియో | గట్టి అంచున్న వస్తువులు, మనుషులు | తక్కువ |
| చాటు | వస్తువుల ప్రకటనలు, వెలుతురు మారే దృశ్యం | రోజంతా చూసే చిన్న లూపు | మధ్యస్థం |

## చక్రం: ఖర్చు ముందు, సుఖం తర్వాత

పొరలు మీ చేతిలో ఉంటే మొదట ఆలోచించాల్సిన దారి ఇదే. ఇందులో అతుకును దాచాల్సిన పని ఉండదు, అసలు అతుకే ఉండదు. ఏ ఫ్రేము దగ్గర మొదలుపెట్టి చూసినా ఒకేలా నడుస్తుంది. అయితే లెక్క ముందే వేసుకోవాలి, పైన చెప్పిన దృశ్యంతోనే వేద్దాం.

ఏరియేటరు చక్రానికి ఎనిమిది రెక్కలు, రెక్కకూ రెక్కకూ మధ్య 45 డిగ్రీలు. నిజం ఏరియేటరు నిమిషానికి దాదాపు వంద చుట్లు తిరుగుతుందనుకుంటే సెకనుకు 600 డిగ్రీలు, ఫ్రేముకు 25 డిగ్రీలు. ఆ వేగాన్ని ఉన్నదున్నట్టు పెడితే చక్రం తెర మీద వెనక్కి తిరుగుతుంది! కారణం ఏమిటంటే, మన కన్ను ప్రతి ఫ్రేములోనూ దగ్గర్లో ఉన్న రెక్కతోనే పాత రెక్కను జతకలుపుతుంది. రెక్క 25 డిగ్రీలు ముందుకు జరిగితే, దాని వెనకాల వచ్చే రెక్క పాత చోటుకు 20 డిగ్రీలు వెనక ఉంటుంది. 20 తక్కువ కాబట్టి కన్ను ఆ దారి పడుతుంది. ఫ్రేముకు జరిగే కోణం రెక్కల మధ్య దూరంలో సగానికి, అంటే 22.5 డిగ్రీలకు, బాగా తక్కువ ఉండాలి. పావు వంతు దగ్గర పెట్టుకుంటే నిశ్చింత, అంటే ఫ్రేముకు 11 డిగ్రీల ప్రాంతం.

96 ఫ్రేముల్లో మొత్తం తిరుగుడు 45కి గుణిజం కావాలి. 24 రెక్కల దూరం తీసుకుంటే 1080 డిగ్రీలు, సరిగ్గా మూడు చుట్లు, ఫ్రేముకు 11.25. అందంగా కుదిరిన లెక్కే, కానీ అందులో ఒక చిక్కుంది. నాలుగు ఫ్రేములకు సరిగ్గా ఒక రెక్క జరుగుతుంది కాబట్టి తెర మీద కనిపించేది నాలుగే బొమ్మలు, అవే మళ్లీ మళ్లీ. చక్రం అదురుతున్నట్టు అనిపిస్తుంది. 24కు బదులు 23 రెక్కల దూరం, అంటే 1035 డిగ్రీలు పెడితే ఫ్రేముకు దాదాపు 10.8 వస్తుంది. 23కూ 96కూ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి 96 ఫ్రేముల్లోనూ రెక్కలు వేర్వేరు చోట్ల ఉంటాయి. తిరుగుడు నున్నగా ఉంటుంది.

దీనికీ ఒక షరతు ఉంది. 1035 అంటే రెండు నిండు చుట్లూ, ఇంకో 315 డిగ్రీలూ. ఎనిమిది రెక్కలూ అచ్చం ఒకేలా ఉన్నంతవరకే ఇది చెల్లుతుంది. ఒక రెక్క మీద పాచి గీసినా, కంపెనీ గుర్తు అతికించినా, అతుకు దగ్గర ఆ గుర్తు ఒక రెక్క మీద నుంచి ఇంకో రెక్క మీదకి గెంతుతుంది. గుర్తు తప్పదంటే 1080కి వెళ్లి కాస్త మోషన్ బ్లర్ వేసుకోవడమే. కస్టమర్ చివరి నిమిషంలో లోగో పెట్టమంటారేమో ముందే అడిగి తెలుసుకుంటే ఈ లెక్క రెండుసార్లు వేసే బాధ తప్పుతుంది.

కొబ్బరి మట్టకు కీఫ్రేముల కంటే సైను తరంగం తేలిక. నాలుగు సెకన్లలో రెండు ఊపులు, అటు ఆరు డిగ్రీలు ఇటు ఆరు డిగ్రీలు కావాలంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రొటేషన్‌కు ఇలా రాయొచ్చు:

```
6*Math.sin(2*Math.PI*2*time/4)
```

ఇందులో రెండో 2 ఊపుల సంఖ్య. అది పూర్ణాంకమైతే చాలు, స్థానమూ వేగమూ రెండూ వాటంతటవే కలుస్తాయి. అన్ని మట్టలకూ ఒకే సంఖ్య ఇవ్వకండి. ఒకదానికి 1, ఇంకోదానికి 2, చిన్న ఆకులకు 3 ఇచ్చి, ఒక్కోదాన్ని కొద్దిగా ముందువెనకలుగా మొదలుపెడితే చెట్టంతా కవాతు చేస్తున్నట్టు ఉండదు. 96 ఫ్రేముల నిడివి ఇందుకే అచ్చొస్తుంది. అది 2, 3, 4, 6, 8, 12, 16, 24, 32, 48 అన్నిటితోనూ నిండుగా భాగమవుతుంది. సెకనుకు 25 చొప్పున 100 ఫ్రేములైతే మూడో వంతు వ్యవధులు కుదరవు.

ఇక నీళ్లు. ఫ్రాక్టల్ నాయిస్‌తో నీటి మెరుపు వేసేవాళ్లు ఎవల్యూషన్ విలువను మాత్రమే కదిలించి వదిలేస్తారు. అది ఎంత దూరం పోయినా తిరిగి మొదటికి రాదు. Evolution Options లోకి వెళ్లి Cycle Evolution పెట్టెలో టిక్కు పెట్టాలి, కింద Cycle (in Revolutions) లో 2 ఇవ్వాలి, ఎవల్యూషన్‌ను 0 నుంచి రెండు చుట్లకు నడపాలి. రెండు అంకెలూ ఒకటే కావాలి. ఇదంతా చేసి Offset Turbulence నూ కదిలిస్తే మళ్లీ పాడవుతుంది, దానికి సొంతంగా తిరిగివచ్చే గుణం లేదు. నీళ్లు ఒకవైపు పారుతున్నట్టు కావాలంటే అంచులు కలిసే నమూనా బొమ్మను చేసుకుని, 96 ఫ్రేముల్లో దాన్ని సరిగ్గా దాని వెడల్పంత జరపాలి.

ఏరియేటరు చిమ్మే తుంపర్లు ఇంకో రకం చిక్కు. తుంపర 20 ఫ్రేములు బతుకుతుందనుకోండి. 90వ ఫ్రేములో పుట్టిన తుంపర 110 దాకా ఉండాలి, కానీ లూపు 96 దగ్గరే తెగిపోతుంది. 1వ ఫ్రేములో గాలిలో ఒక్క చుక్క కూడా ఉండదు, చిమ్మడం అప్పుడే మొదలవుతుంది. అతుకు దగ్గర నీళ్లు ఒక్కసారిగా మాయమైనట్టు కనిపించడానికి కారణం ఇదే. మందు తేలికే. తుంపర పుట్టుకను 1 నుంచి 96 వరకే ఉంచి, ఆ పొరకు నకలు తీసి 96 ఫ్రేములు వెనక్కి జరపాలి. నకలులో చివర్న పుట్టిన చుక్కలు మన 1 నుంచి 20 ఫ్రేముల్లోకి వచ్చి పడతాయి. అసలు పొరలో 96 దగ్గర ఎక్కడ తెగిందో, నకలులో అక్కడి నుంచే కొనసాగుతాయి. రెండు పొరలకూ ర్యాండమ్ సీడ్ ఒకటే ఉండాలి, లేదంటే చుక్కలు కలవవు.

కొంగకు ఏ లెక్కా అక్కర్లేదు. 10వ ఫ్రేములో ఎడమ అంచు బయటి నుంచి వచ్చి 85లో కుడి అంచు దాటిపోతే చాలు, అతుకు దగ్గర అది తెర మీదే ఉండదు. నీటిలో దాని నీడ ఉంటే అదీ అప్పటికి వెళ్లిపోయిందో లేదో చూసుకోవాలి.

మబ్బులే మొండివి. నెమ్మదిగా జరిగే మబ్బు నాలుగు సెకన్లలో తెర దాటలేదు, దాటిస్తే తుపాను గాలిలా ఉంటుంది. సమాన దూరంలో అచ్చం ఒకేలాంటి మబ్బులు పెట్టి ఒక్కోదాన్ని పక్కదాని చోటుకు జరిపితే లూపు కుదురుతుంది గానీ ఆకాశం గోడకాగితంలా అవుతుంది. నా మాట అడిగితే నాలుగు సెకన్ల బొమ్మలో మబ్బుల్ని కదపకుండా ఉంచడమే నయం. కదలాల్సిందే అంటే మొత్తాన్ని 12 సెకన్లకు పెంచి, చక్రమూ చెట్టూ అందులో మూడుసార్లు తిరిగేలా చేయడం.

యాదృచ్ఛికమైన చిన్న కదలికలు, గుంటలో తేలే మేత ట్రే ఊగడం లాంటివి, విగిల్‌తో వేస్తారు. మామూలు విగిల్ తిరిగి రాదు. ఈ నాలుగు సెకన్ల విగిల్‌ను, అంతకుముందు నాలుగు సెకన్ల విగిల్‌లోకి క్రమంగా కలిపితే వస్తుంది:

```
L = 4;
t = time % L;
a = wiggle(1, 12, 1, 0.5, t);
b = wiggle(1, 12, 1, 0.5, t - L);
linear(t, 0, L, a, b)
```

## పోయి రావడం: పది నిమిషాల్లో అయిపోతుంది, అందుకే జాగ్రత్త

సగం క్లిప్పును ముందుకూ, అదే సగాన్ని వెనక్కీ ఆడించడం. మొదలూ చివరా కలవడం ఎటూ ఖాయం. ఉన్న చిక్కు రెండు మలుపుల దగ్గరే.

1 నుంచి 48 ముందుకు, 48 నుంచి 1 వెనక్కి పేరిస్తే 48 రెండుసార్లు పడుతుంది, తిరిగి మొదలైనప్పుడు 1 రెండుసార్లు పడుతుంది. సరైన పేర్పు: 1 నుంచి 49 ముందుకు, 48 నుంచి 2 వెనక్కి. 49, 47 కలిపితే 96. ఫోనులో తీసిన వీడియోను 49 ఫ్రేములకు కత్తిరించుకున్నాక, సెకనుకు 24 చొప్పున ffmpegతో ఇలా చేయొచ్చు:

```
ffmpeg -r 24 -i in49.mp4 -filter_complex "[0:v]split[a][b];[b]reverse,trim=start_frame=1:end_frame=48,setpts=PTS-STARTPTS[r];[a][r]concat=n=2:v=1[v]" -map "[v]" -r 24 -crf 17 loop.mp4
```

రెండో చిక్కు వేగానిది. మలుపు దగ్గర కదలిక ఆగి వెనక్కి తిరగాలి. ఊగే మట్ట అంచుకు చేరినప్పుడు తనంతట తానే ఆగుతుంది కాబట్టి అక్కడ మలుపు పెడితే ఎవరికీ తెలియదు. ఊపు మధ్యలో, వేగం ఎక్కువున్నచోట పెడితే గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చినట్టు ఉంటుంది. అందువల్ల వీడియోలో కత్తిరించాల్సిన చోటు, కదలిక దాదాపు ఆగిన ఫ్రేము. పైకెగిరి కిందపడే బంతికి ఈ పద్ధతి బ్రహ్మాండంగా నప్పుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దాని నడక అద్దంలో బొమ్మలా ఒకటే.

కొత్తపట్నం తీరంలోనో, మైపాడులోనో తీసిన అలలకు మాత్రం వద్దు. ఇసుక మీదకి వచ్చిన నురుగు విడిపోతూ ఇంకుతుంది. వెనక్కి తిప్పితే ఇసుకలోంచి నురుగు ఊరి, పోగై, అలగా లేచి కడలిలోకి పోతుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోవచ్చు, ఏదో తేడాగా ఉందని మాత్రం అంటారు.

## కరిగించడం: వీడియో ఉన్నవాళ్ల ఆసరా

చాలామంది క్లిప్పు చివర్న మొదటి భాగాన్ని తెచ్చి డిజాల్వ్ వేస్తారు. దానికన్నా మధ్యకు కోసి తిరగేయడం మేలు. 120 ఫ్రేముల వీడియో తీసుకుని 60 దగ్గర కోయండి. 61 నుంచి 120 ముక్కను ముందు పెట్టండి, 1 నుంచి 60 ముక్కను తర్వాత పెట్టండి, రెండిటినీ 24 ఫ్రేముల మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి అక్కడ కరిగించండి. 60, 60 కలిపి 24 తీసేస్తే 96. ఇప్పుడు లూపు మొదటి ఫ్రేము అసలు వీడియోలోని 61, చివరి ఫ్రేము 60. అవి కెమెరాలోనే పక్కపక్కన పుట్టిన ఫ్రేములు కాబట్టి లూపు తిరిగే చోట అతుకు లేదు. ఉన్న ఒక్క కరుగుదల 37 నుంచి 60 మధ్య, కళ్లముందే ఉంటుంది, సరిచూసుకోవడం తేలిక.

ఇందులో పోయేది నీటి మిలమిల. కరుగుదల సగానికి చేరినప్పుడు ఒకదానితో ఒకటి పొంతన లేని రెండు అలల నమూనాలు సగంసగం కలుస్తాయి. ఒకదాని వెలుగు ఇంకోదాని నీడ మీద పడి, వెలుగునీడల తేడా దాదాపు 70 శాతానికి పడిపోతుంది. నాలుగు సెకన్లకోసారి నీళ్లు చప్పగా అయి మళ్లీ మెరుస్తాయి. 24కు బదులు 10 ఫ్రేములకు కుదిస్తే చప్పదనం తక్కువసేపు ఉంటుంది కానీ మార్పు మొరటుగా ఉంటుంది. దానికన్నా మంచి పద్ధతి, నీటిని మాస్కులతో మూడు నాలుగు ముక్కలు చేసి అంచులు బాగా మెత్తబరచి, ఒక్కో ముక్కను ఒక్కో సమయంలో కరిగించడం. అప్పుడు నీరంతా ఒకేసారి చప్పబడదు.

ఏరియేటరు మీద, గట్టు మీద మనిషి మీద డిజాల్వ్ వేస్తే దయ్యంలా రెండు రూపాలు కనిపిస్తాయి. వాటిని మాస్కుతో వేరుచేసి, కదలని వాటికి ఒకే స్టిల్ ఫ్రేము వేసేయడం మేలు. తీసేటప్పుడే ట్రైపాడ్ వాడాలి, ఫోనులో ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చేయాలి. తీస్తుండగా మబ్బు ఎండకు అడ్డొస్తే 1కీ 120కీ వెలుతురు తేడా వచ్చి, ఎంత బాగా కరిగించినా బొమ్మంతా ఊపిరి తీసుకుంటున్నట్టు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. అలాంటి టేకును మళ్లీ తీసుకోవడమే.

తీరం అలలకు నాలుగు సెకన్లు చాలవన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒక అల వచ్చి పోయేసరికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. కనీసం రెండు అలలు పూర్తిగా వచ్చే నిడివి తీసుకుని, నీరు వెనక్కి లాగి ఇసుక ఖాళీగా ఉన్న సమయంలో కరుగుదల పెట్టాలి.

## చాటు: అతుకు ఉంది, కనబడదు

గుంట మీద సాయంకాలం అవుతున్నట్టు చూపించాలంటే పై మూడూ చేతులెత్తేస్తాయి. వెలుతురు ఒకవైపే పోతుంది. తెర మొత్తాన్ని కప్పే ఏదో ఒకటి, ఎదురుగా దూసుకుపోయే టార్పాలిన్ గానీ కంపెనీ పేరున్న రంగు పలక గానీ, అతుకు మీదుగా నడిపించాలి.

కొలత ముందే చూసుకోవాలి. 1920 పిక్సెళ్ల తెర మీద టార్పాలిన్ ఫ్రేముకు 320 పిక్సెళ్లు జరుగుతుంటే, మూడు ఫ్రేముల పాటు తెరను పూర్తిగా కప్పడానికి దాని వెడల్పు 1920కి రెండు 320లు కలిపి 2560 ఉండాలి. కప్పి ఉండే మూడు ఫ్రేములు 95, 96, 1 అయితే, అది 90వ ఫ్రేములో తొంగిచూసి 6 దాకా కనిపించి వెళ్లిపోతుంది. అంటే టార్పాలిన్ మాత్రం అతుకు మీదుగా చక్రంలాగే కొనసాగాలి. దాని మడతలూ రంగూ 96లో, 1లో వరస తప్పకుండా రావాలి. మూడు ఫ్రేములు అవసరమా అంటే, ఒక్క ఫ్రేముకే కప్పితే కంప్రెషన్‌లో అంచు మసకబారి వెనకాల బొమ్మ తొంగిచూస్తుంది.

నాలుగు సెకన్లకోసారి ఏదో ఒకటి ముఖానికి అడ్డంగా పోతుంటే చూసేవాడికి చికాకు. పది సెకన్లకు తక్కువ లూపుకు దీన్ని వాడొద్దనే చెబుతాను. పలక మీద పేరు చదివేందుకు ఒకటి రెండు సెకన్లు నిలిపితే మాత్రం ఆ ఆగడం సహజంగానే ఉంటుంది, ప్రకటన మళ్లీ మొదలైందని జనం అనుకుంటారు.

## మీ పరిస్థితికి ఏది

బొమ్మ మీరే గీస్తూ, దుకాణంలో రోజంతా ఆడేదైతే చక్రమే, ఇంకో ఆలోచన వద్దు. ముందు లెక్కకు గంట పట్టినా ఆ గంట వృథా కాదు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ, చేతిలో ఫోను క్లిప్పు ఒక్కటే ఉండి, సాయంత్రానికి ఇవ్వాల్సిన వాళ్లు క్లిప్పులో ఉన్నది ఏమిటో చూడాలి. దీపం దగ్గర మెల్లగా జరిగే కెమెరా, ఊగే పూలదండ అయితే పోయి రావడం. నీళ్లు, ఆకులు, సాంబ్రాణి పొగ అయితే కరిగించడం. నడిచే మనుషులు ఉంటే ఈ రెండూ వద్దు, మనుషులు లేని ముక్క వెతుక్కోండి.

ఒంగోలు గిత్త నడకలాంటిది నేర్చుకుంటున్న విద్యార్థి గిత్తను తెర మధ్యలో ఉంచి నేలను జరిపే పద్ధతి ఎంచుకోవాలి. గిత్త నడక చక్రం 32 ఫ్రేములైతే 96లో మూడు అంగల చక్రాలు పడతాయి. నేల ఫ్రేముకు జరిగే దూరం, నేల మీద ఆనిన కాలు వెనక్కి జరిగే దూరంతో సమానం కాకపోతే గిట్టలు జారతాయి. వెనకాల కొండల పొర మెల్లగా జరగాలంటే, దాని నమూనా వెడల్పు 96 ఫ్రేముల్లో అది జరిగే దూరమంత ఉండేలా గీయాలి.

రెండు దారులు కలపడం తప్పు కాదు. వీడియోలోని నీటిని కరిగించి, దాని మీద గీసిన ఏరియేటరును చక్రంగా తిప్పి ఇవ్వడం తక్కువ శ్రమతో మంచి ఫలితమిచ్చే కలయిక.

## ఇచ్చే ముందు, ఇచ్చాక

అతుకును క్లిప్పు చివర్న పరీక్షిస్తే కనబడదు, ప్లేయరు అక్కడే కాస్త తడబడుతుంది కాబట్టి తప్పు ఎవరిదో తేలదు. ఎనిమిది సార్లు పేర్చిన ఫైలు చేసుకుని మధ్యలో చూడండి:

```
ffmpeg -stream_loop 7 -i loop.mp4 -c copy test.mp4
```

ఇక్కడ నున్నగా ఉండి, దుకాణం తెర మీద మాత్రం తడబడితే తప్పు ప్లేయరుది. ఫైలు చివరికి వచ్చినప్పుడల్లా అది డీకోడరును మళ్లీ తెరుస్తుంది. 7 బదులు 149 పెట్టి పది నిమిషాల ఫైలు చేసి ఇస్తే ఆ తడబాటు గంటకు ఆరుసార్లకు తగ్గుతుంది.

కదలిక నున్నగానే ఉండి, నీటి మీద గరుకుదనం మాత్రం అతుకు దగ్గర ఒక్కసారిగా మారితే అది కంప్రెషన్ పని. వీడియోలో మొదటి ఫ్రేము పూర్తి బొమ్మగా నమోదవుతుంది, చివరిది ముందువాటి మీద ఆధారపడి నమోదవుతుంది, రెండిటి నాణ్యతా ఒకటి కాదు. -crf విలువను 23 నుంచి 17కి దించితే సాధారణంగా పోతుంది, ఫైలు పెద్దదవుతుంది.

జిఫ్ అడిగితే 24 ఫ్రేముల లెక్క పనికిరాదు. జిఫ్‌లో ఒక్కో ఫ్రేము వ్యవధిని సెకనులో వందో వంతుల్లోనే రాయాలి, 24వ వంతు అందులో ఇమడదు. సెకనుకు 25, అంటే నాలుగు వందో వంతులు, లేదా 20, అంటే ఐదు వందో వంతులు పెట్టుకోవాలి. ఈ మార్పిడిని చివర్న సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే అది కొన్ని ఫ్రేములు తీసేసో రెండేసి వేసో సర్దుతుంది, అప్పుడు చక్రం మధ్యమధ్య గెంతుతుంది. జిఫ్ అని ముందే తెలిస్తే మొదటి నుంచే సెకనుకు 20 చొప్పున 80 ఫ్రేములతో లెక్క వేయండి. చక్రానికి 80తో ఉమ్మడి భాజకం లేని 19 రెక్కల దూరం, అంటే 855 డిగ్రీలు, ఫ్రేముకు దాదాపు 10.7 వస్తుంది.

మోటారు శబ్దం కూడా కావాలంటే దాన్ని నాలుగు సెకన్ల లూపుతో పాటు తిప్పకండి. ఏఏసీ శబ్దానికి ముందూ వెనకా కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది, ప్రతి చుట్టుకూ ఒక టక్కు వినిపిస్తుంది. పది నిమిషాల ఫైలు చేసేటప్పుడు శబ్దాన్ని లూపు కత్తిరింపుతో సంబంధం లేకుండా ఒకే పొడవు ట్రాకుగా వేసి, రెండు చివర్లా అర సెకను పాటు శబ్దం సన్నగిల్లేలా చేసి ఇవ్వండి.